రెండున్నరేళ్లు డ్రై షాంపూ వాడాక: వారానికి ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి

నాది నడుము దాకా ఉండే ఒత్తైన జుట్టు, పైగా జిడ్డు మాడు. ఆదివారం తలంటుకుంటే మంగళవారం సాయంత్రానికి పాపిడి దగ్గర వెంట్రుకలు అతుక్కుపోతాయి. తలస్నానం చేస్తే ఆరడానికి మూడు గంటలు పడుతుంది, పొద్దున్న ఏడున్నరకి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాలి, అందుకని వారం మధ్యలో తలస్నానం అంటే నాకు పెద్ద టెన్షన్. అలా మొదలైంది ఈ డ్రై షాంపూ. ఇప్పటికి రెండున్నరేళ్లు. ఇందులో బాగా నడిచిన రోజులున్నాయి, ఒక మూడు నెలలు మాత్రం తల పాడు చేసుకున్నాను. ఆ మూడు నెలల గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొనే ముందు నాకు ఎవరూ చెప్పనిది అదే.

ముందు ఒక విషయం. పేరులో షాంపూ ఉంది కానీ ఇది తలను కడగదు. డబ్బాలో ముఖ్యంగా ఉండేది పిండి (బియ్యం, మొక్కజొన్న లేదా కర్రపెండలం పిండి), దాన్ని తొందరగా ఆరబెట్టే ఆల్కహాల్, బయటికి చిమ్మే బ్యూటేన్, ప్రొపేన్ లాంటి గ్యాసు. ఆ పిండి జిడ్డును పీల్చుకుంటుంది, అంతే. పీల్చుకున్న జిడ్డు, పిండి, చెమట, రోడ్డు దుమ్ము అన్నీ తల మీదే ఉంటాయి. దువ్వితే కొంత రాలుతుంది, మిగతాది నీళ్లు, షాంపూ పడేదాకా కదలదు. జుట్టు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి లోపల ఏం పేరుకుంటోందో మనకు తెలియదు.

మొదటి ఏడాది నా పద్ధతి సరిగ్గానే ఉంది. ఆదివారం తలస్నానం, మంగళవారం రాత్రి ఒకసారి స్ప్రే, గురువారం ఎలాగో తీరిక చేసుకుని మళ్లీ తలస్నానం. ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఆఫీసులో షిఫ్టు మారింది, చలికాలం వచ్చింది, గురువారం తలస్నానం పోయింది. ఆదివారం ఒక్కటే మిగిలింది. మంగళ, బుధ, గురు, శుక్ర, ఒక్కోసారి శనివారం కూడా స్ప్రే కొట్టేదాన్ని. అంటే నిన్నటి పిండి మీద ఇవాళ్టి పిండి. జుట్టు మాత్రం బాగానే కనిపించేది, అందరూ బాగుందనేవారు కూడా.

మూడో వారానికి నడినెత్తిన దురద మొదలైంది. తర్వాత భుజాల మీద తెల్లటి పొట్టు. చుండ్రు అనుకుని రాత్రిపూట కొబ్బరినూనె దట్టంగా పట్టించాను, అది చాలా పెద్ద తప్పు. లోపలున్న పిండికి నూనె తోడై ముద్దలాగా అయింది, పొద్దున్న ఒక్కసారి షాంపూ పెడితే నురగే రాలేదు. పైగా జిడ్డు మాడులో చుండ్రు తెప్పించే మలసీజియా అనే ఫంగస్ బతికేదే ఈ కొవ్వుల మీద, నూనె రాసి దానికి మేత వేశానన్నమాట. అయినా అర్థం కాక, పైన పొడిగా కనిపించడానికి మళ్లీ స్ప్రే కొట్టాను. ఒక ఆదివారం ఊరి నుంచి వచ్చిన అమ్మ ఎండలో కూర్చోబెట్టి పాయలు తీసి చూసి, "ఇది చుండ్రు కాదే, గోటితో గీకితే మైనంలా వస్తోంది, ఏం పూస్తున్నావే తలకి?" అంది. అప్పుడు గాని డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

చర్మ వైద్యురాలు భూతద్దంతో చూసి రెండూ ఉన్నాయన్నారు. పేరుకున్న పిండి ఒకటి, దాని కింద ఎర్రబడి, సెబోరిక్ డెర్మటైటిస్ అనే జిడ్డు మాడు వాపు మొదలవడం ఇంకొకటి. రెండు మూడు చోట్ల కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు కూడా వచ్చాయి. డ్రై షాంపూ నెల రోజులు పూర్తిగా ఆపమన్నారు. ఫంగస్‌ను అణిచే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, పెట్టాక ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు. అంతకన్నా ముందు మామూలు షాంపూతో ఒకసారి కడిగేయాలి, లేకపోతే మందు మాడుకు తగలదు. దురద రెండో వారానికే తగ్గింది. జుట్టు రాలడం తగ్గడానికి మాత్రం రెండు నెలల పైన పట్టింది. డ్రై షాంపూ వల్ల నేరుగా బట్టతల రాదనీ, మాడు వాచి, మనం గోకుతూ ఉంటే వెంట్రుకలు ఊడతాయనీ ఆవిడ చెప్పారు.

ఇప్పుడు నేను పెట్టుకున్న లెక్క: రెండు తలస్నానాల మధ్య ఒకసారి, తప్పనిసరైతే రెండుసార్లు, వరుసగా రెండు రోజులు మాత్రం ఎప్పుడూ కాదు. రెండోసారి కొట్టానంటే మర్నాడు తలస్నానం చేయాల్సిందే. చెమట బాగా పట్టిన రోజు, నూనె పెట్టుకున్న రోజు అసలు వాడను. తడి మీద పిండి పడితే జిగురవుతుంది. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ ఇబ్బంది హైదరాబాద్ కంటే ఎక్కువ, పెళ్లికి విజయవాడ వెళ్లినప్పుడు ఒక్క పూటలోనే నాకు అర్థమైంది.

కొట్టే తీరు కూడా ముఖ్యం. పాపిడి పక్కన జానెడు పైనే దూరం పెట్టి, మాడు మీద కాకుండా కుదుళ్ల దగ్గరి వెంట్రుకల మీద పడేలా రెండు చిన్న స్ప్రేలు చాలు. రెండు నిమిషాలు ఆగి, వేళ్లతో కదిపి, తల వంచి బాగా దువ్వాలి. నేను రాత్రే కొడతాను, పొద్దున్నకి పీల్చుకోవడం అయిపోతుంది, తెల్లగా కనబడదు. గ్యాసు స్టవ్ దగ్గరా, దేవుడి దీపం దగ్గరా వద్దు, అందులో ఉన్నది మండే గ్యాసే. కిటికీ తీసి ఉంచండి.

పేరుకుందో లేదో తెలుసుకోవడం తేలికే. పాపిడిలో గోటితో మెల్లగా గీకితే బూడిద రంగు మైనంలా వచ్చిందంటే అది పిండి. పొట్టు పసుపుగా జిడ్డుగా ఉండి కింద చర్మం ఎర్రగా ఉంటే డాక్టరుకు చూపించాలి. తలస్నానంలో నీళ్లు మాడుకు దిగకుండా జారిపోయినా, మొదటి షాంపూకి నురగ రాకపోయినా అదే గుర్తు. అప్పుడు రెండుసార్లు షాంపూ పెట్టాలి, మొదటిసారి నీళ్లలో కలుపుకుని వేళ్ల కొనలతో, గోళ్లు తగలకుండా. నేను కుంకుడు రసంతో ప్రయత్నించాను, పలచటి పొర పోయింది గాని గట్టిగా పట్టినది పోలేదు, మాది బోరు నీళ్లు కావడం కూడా కారణం కావచ్చు.

స్ప్రేలు మానిన నెలల్లో పొడులూ చూశాను. కార్న్‌ఫ్లోర్ అర చెంచా, మేకప్ బ్రష్‌తో పాపిడి వెంట అద్దితే బాగానే పీల్చింది. నల్ల జుట్టు మీద తెల్లగా కనిపిస్తుంది కాబట్టి చిటికెడు కోకో పొడి కలిపాను. ఇంట్లో పట్టిన బియ్యప్పిండి ముతకగా ఉండి గరగరలాడింది. టాల్కమ్ పౌడర్ మాత్రం వద్దు, గాల్లోకి లేచి ముక్కులోకి పోతుంది, పైగా 2024లో క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ టాల్క్‌ను క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి జాబితాలో పెట్టింది. పొడుల్లో గ్యాసు ఉండదు గాని పేరుకోవడంలో స్ప్రేకీ వీటికీ తేడా ఏమీ లేదు, లెక్క అదే.

గ్యాసు సంగతి ఎందుకంటే, 2022 అక్టోబరులో యూనిలీవర్ అమెరికాలో కొన్ని స్ప్రే డ్రై షాంపూలను, క్యాన్సర్ తెప్పించే బెంజీన్ అనే రసాయనం ఉండవచ్చని వెనక్కి తీసుకుంది. అది చదివాక బయట ఊళ్లకు వెళ్లేటప్పుడు మాత్రమే స్ప్రే, ఇంట్లో ఉన్నప్పుడు పొడి అని మార్చుకున్నాను. నెలన్నర పట్టే డబ్బా ఇప్పుడు ఆరు నెలలు దాటినా ఇంకా సగం ఉంది.