‘బోనాలు’ ఎందుకు చెల్లలేదు? రెండేళ్లు ఆడిన తెలుగు పదాల ఆటపై సమీక్ష

గళ్లలో ఇచ్చిన అక్షరాలు కలిపి పదాలు కట్టే ఫోన్ ఆట ఇది. అక్షరాల పంపకం బాగుంటుంది, నెట్ లేకున్నా నడుస్తుంది. చిక్కల్లా పదాన్ని కాదన్నప్పుడే. ‘ఈ పదం లేదు’ అని ఊరుకుంటుంది తప్ప కారణం చెప్పదు. రాత తేడానా, బహువచనమా, పేరా, లేక జాబితాలోనే లేదా అన్నది మనమే తేల్చుకోవాలి. ఆషాఢంలో హైదరాబాద్‌లో ఏ వీధిలోనైనా వినబడే ‘బోనాలు’నే ఇది ఒప్పుకోదు కాబట్టి, దాంతోనే చెబుతాను.

ముందు రాత చూడాలి. తొందరలో ‘బొనాలు’ అనో ‘భోనాలు’ అనో పడుతుంది. అది సరిగ్గా ఉంటే ఏకవచనం వేసి చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘బోనం’ వేస్తే ఆట కాదంటుంది, దాంతో మాటే లేదనుకుంటారు. ఈ ఆట సున్నాను ముందు అక్షరంతో కలిపే లెక్కిస్తుంది, అంటే ‘బోనం’ రెండక్షరాలే. కనీసం మూడు ఉండాలి. అప్పుడు వచ్చే సందేశం కూడా వేరు: ‘పదం చిన్నది’. అది చదవకుండా దాటేస్తే తీర్పు తప్పుతుంది. ‘బోనము’ అని వేయండి, తీసుకుంటుంది. పాత నిఘంటువుల్లో ఈ మాట ‘ము’తోనే ఉంటుంది. ‘భోజనము’కు వికృతి అది.

మాట ఉందని తేలింది. ఇక బహువచనాలను ఆట కాదంటోందా? అదే అచ్చులోని మాటలతో పరీక్షించాలి, అంటే ‘ం’ పోయి ‘ాలు’ వచ్చేవాటితో. ‘దీపాలు’, ‘పాఠాలు’, ‘నేరాలు’ మూడూ చెల్లాయి. ‘అటుకులు’ చెల్లింది కదా అని దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. వాడుకలో దానికి ఏకవచనం లేదు, నిఘంటువులో అదే మూలపదంగా ఉంటుంది.

పండుగ పేరని తీసేశారా? ఇంగ్లీషులో పెద్దక్షరం చూసి పేరును పట్టుకోవచ్చు, మన లిపిలో ఆ గుర్తు లేదు. కాబట్టి లెక్కపెట్టి చూడాలి. ‘ఆ ఇంటి నుంచి రెండు బోనాలు వచ్చాయి’ అంటాం. నెత్తిన ఎత్తుకునే ఆ కుండనూ, అందులోని నైవేద్యాన్నీ చెప్పే మామూలు నామవాచకమది. పండుగకు పేరు దాన్నుంచే వచ్చింది. ‘రెండు గోల్కొండలు’ అని మామూలుగా అనం, అది పేరే. పైగా ఈ ఆట ‘ఉగాది’ని, ‘దసరా’ని ఒప్పుకుంటుంది, అంటే పండుగ పేర్లపై నిషేధం లేదు.

మిగిలింది ఒక్కటే: జాబితాలో లేదు. కారణం పట్టుకోవడానికి ఇంకొక పరీక్ష చేయవచ్చు. ‘శకటము’ చెల్లింది, ‘శకటాలు’ చెల్లలేదు. అంటే బహువచనాలను సూత్రంతో పుట్టించడం లేదు, ఒక్కొక్కటిగా చేర్చారు. బాగా వాడేవి ఉన్నాయి, తక్కువ వాడేవి తప్పిపోయాయి. హైదరాబాద్‌లో ‘బోనాలు’ తక్కువ వాడే మాట కాదు, అందుకే ఈ లోటు నాకు గట్టిగా తగిలింది.

రాత తేడాకు మంచి ఉదాహరణ ‘కూతుళ్ళు’. ఆట ‘కూతుళ్ళు’ అంటే తీసుకుంటుంది, ‘కూతుళ్లు’ అంటే తీసుకోదు. చెవికి రెండూ ఒకటే. కీబోర్డు మాత్రం మొదటిదానికి ళ కింద ళ వత్తు, రెండోదానికి ళ కింద ల వత్తు పంపుతుంది. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. పత్రికల్లో ల వత్తే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి, కాదన్నప్పుడు వత్తు మార్చి ఒకసారి వేసి చూడండి. ‘అర్థము’, ‘అర్ధము’ మాత్రం ఈ లెక్కలోకి రావు. ఒకటి భావం, ఇంకొకటి సగం. రెండూ చెల్లాలి, చెల్లుతున్నాయి కూడా.

ఆటలో ‘పదం పంపండి’ అనే మీట ఉంది. ఉత్త ‘బోనాలు’ అని పంపితే లాభం లేదు. నేను ఏకవచనం, అర్థం, ఒక వాక్యం, అదే అచ్చులో చెల్లిన మరో మాట రాసి పంపుతాను. రాత తేడా అయితే రెండు రూపాలూ పక్కపక్కన పెడతాను. అలా పంపినవి కొన్ని తర్వాతి అప్‌డేట్లలో చేరాయి. ‘బోనాలు’ ఇంకా చేరలేదు. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. కాదన్నప్పుడు కారణం కూడా చూపిస్తే నాలుగున్నర ఇచ్చేదాన్ని.