యూట్యూబ్ షెడ్యూల్ ఆప్షన్: శుక్రవారం రివ్యూలకి చాలాకాలం వాడాక నా అభిప్రాయం

షెడ్యూల్ ఎక్కడ నొక్కాలి, తేదీ ఎలా పెట్టాలి అన్నవి చెప్పను, ఛానెల్ నడిపేవాళ్లందరికీ తెలిసినవే. శ్రీకాకుళంలో కూర్చుని కొత్త సినిమాలకి రివ్యూలు చెప్పే నాలాంటి చిన్న ఛానెల్‌కి అది ఏ గంటలో కలిసొస్తుంది, ఏ గంటలో కలిసిరాదు అన్నదొక్కటే రాస్తాను. ఈ ఆప్షన్ అంటే నాకు చాలా ఇష్టం. శుక్రవారం మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా పరిగెత్తే టెన్షన్‌ని తగ్గించింది ఇదే.

మన శుక్రవారం నిజానికి అమెరికాలో గురువారం సాయంత్రమే మొదలైపోతుంది. అక్కడ ప్రీమియర్లు పడి, ఇక్కడ తెల్లారేసరికి టాక్ వచ్చేస్తుంది. ఈమధ్య ముందురోజు రాత్రి పెయిడ్ ప్రీమియర్లు కూడా వేస్తున్నారు కదా, మీడియం సినిమాలకి అవి ఎక్కువగా హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో పడతాయి గానీ మా ఊరిదాకా రావు. మాకు పొద్దున్న ఆట పడేటప్పటికే పెద్ద ఛానెళ్ల రివ్యూలు వరసగా వచ్చేసి ఉంటాయి. సినిమా పేరు, పక్కన 'రివ్యూ' అని కొట్టి వెతికేవాళ్లు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకూ విపరీతంగా ఉంటారు. ఆ తర్వాత వాళ్లకి కావలసిన ముక్క దొరికిపోతుంది. ఇది నా ఊహ కాదు. యూట్యూబ్ స్టూడియోలో రియల్‌టైమ్ అని 48 గంటల వ్యూస్ గంటకో గీత చొప్పున కనిపిస్తాయి, ప్రతి రిలీజ్‌కీ ఆ గీతలు ఇదే తీరులో లేచి పడుతుంటాయి. పదకొండున్నరకి వీడియో పెడితే పన్నెండు, ఒకటి మధ్య గీత నిటారుగా లేస్తుంది, సాయంత్రానికి అందులో మూడో వంతుకి దిగిపోతుంది.

కాబట్టి మొదటి రివ్యూ విషయంలో ఎవరైనా ఒకటే చెబుతారు, ఎంత తొందరగా పెడితే అంత మంచిదని. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒక శుక్రవారం మాత్రం అది కుదరలేదు, ఆరోజే ఈ షెడ్యూల్ అసలు విలువ తెలిసింది.

పేరున్న హీరో సినిమానే గానీ అర్ధరాత్రి ఆటలు పడేంత పెద్దది కాదు. ఎనిమిది గంటల ఆటకి టికెట్ తీసుకుని కూర్చున్నాం, హాలు మూడొంతులు నిండింది. ఎనిమిదింపావు అయింది, ఎనిమిదిన్నర అయింది, తెర మీద ప్రకటనలు అయిపోయి మళ్లీ మొదలయ్యాయి, వెనక నుంచి ఈలలు. బయటికొచ్చి అడిగితే గేటు దగ్గర కుర్రాడు "కీ రాలేదండి, ఫోన్లు చేస్తున్నారు" అన్నాడు. ఇప్పుడు ప్రింట్ అంటే రీలు కాదు కదా, సినిమా ఫైల్ ముందే థియేటర్‌కి చేరిపోతుంది, కానీ దానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తెరిచే కీ విడిగా వస్తుంది. అది ఆ థియేటర్ సర్వర్‌కి మాత్రమే పనిచేస్తుంది, అది కూడా వాళ్లిచ్చిన తేదీ, టైమ్ లోపలే. ఎక్కడో డబ్బు లెక్క తేలకపోయినా, పాత సర్వర్ పేరు మీద కీ తయారైపోయినా ఆట ఆగిపోవాల్సిందే. మొత్తానికి పది దాటాక బొమ్మ పడింది. ముగిసేసరికి ఒంటిగంట అయిపోయింది.

పాలకొండ రోడ్డులో మా బావ రూమ్‌కి వెళ్లి రికార్డ్ చేసి, కోతలన్నీ చేసి అప్‌లోడ్‌కి ఎక్కించేసరికి రెండున్నర. ఎక్కడం ఎక్కింది గానీ మొదట తక్కువ క్వాలిటీలోనే తయారైంది, హెచ్‌డీ రావడానికి ఇంకా టైమ్ చూపిస్తోంది. ఇది రివ్యూ చెప్పేవాళ్లందరికీ తెలిసిన బాధే. తొందరపడి పబ్లిక్ చేస్తే మొదట వచ్చినవాళ్లందరికీ మసగ్గా కనిపిస్తుంది. పైగా మూడు గంటలంటే వెతికేవాళ్ల సందడి అయిపోయిన టైమ్, మ్యాట్నీలో కూర్చున్నవాళ్లు హాల్లో ఉన్నారు, ఇంట్లో ఉన్నవాళ్లు కునుకు తీస్తున్నారు. "ఏటి బావా, సినిమా టాకంతా అయిపోనాక నీది వచ్చినాది, ఇప్పుడెవుడు చూస్తాడు" అన్నాడు మా వాడు. అతను అన్నదాంట్లో తప్పేం లేదు.

అందుకే ఆ వీడియోని ఆ గంటలో వదల్లేదు. రాత్రి ఎనిమిదిన్నరకి షెడ్యూల్ పెట్టాను. ఎనిమిదిన్నరే ఎందుకంటే, శుక్రవారం పొద్దున్న వెతికేవాడు ఎలాగూ సినిమాకి వెళ్లేవాడే, హీరో కోసమో పందెం కోసమో టాక్ అడుగుతాడు. శుక్రవారం రాత్రి వెతికేవాళ్లు వేరు. భోజనాలయ్యాక రేపు గానీ ఎల్లుండి గానీ పిల్లల్ని తీసుకుని వెళ్దామా వద్దా అని ఆలోచించేవాళ్లు వాళ్లు. వాళ్ల కోసం మధ్యాహ్నం దొరికిన ఖాళీలో థంబ్‌నెయిల్ మార్చాను. 2.75 అని పెద్దక్షరాల్లో రేటింగ్ వేసే అలవాటు ఉంది మనందరికీ, దాన్ని చిన్నది చేసి 'పిల్లలతో వెళ్లొచ్చా?' అని పెట్టాను. వీడియో మొదట్లో కూడా కథ జోలికి పోకుండా, సెకండాఫ్‌లో రక్తపాతం ఎంతుంది, పాటలు ఎలా ఉన్నాయి, ఎంతసేపు కూర్చోవాలి అన్నదే ముందుకి తెచ్చాను.

మొదటి గంట చూస్తే ఎప్పుడూ వచ్చేదాంట్లో సగం కూడా లేదు. మామూలు శుక్రవారం అయితే ఇక ఈ వీడియో పోయిందనుకునేవాణ్ని. కానీ పదిన్నరకి గీత దిగాల్సింది పోయి కొంచెం పెరిగింది. శనివారం పొద్దున్న తొమ్మిదికి మళ్లీ లేచింది, పదకొండు దాకా అదే ఎత్తులో ఉండిపోయింది, ఆదివారం సాయంత్రం ఫస్ట్ షో టైమ్ దాటేవరకూ పడలేదు. సోమవారం మధ్యాహ్నానికి మాత్రం ఢమాల్‌మంది. అది అందరికీ తప్పదు, థియేటర్ కలెక్షన్లే సోమవారం పడతాయి, రివ్యూ ఎంత? ఆదివారం రాత్రికి లెక్క చూసుకుంటే, పదకొండున్నరకి పెట్టే వీడియోలకి వచ్చేన్ని వ్యూస్ దీనికీ వచ్చేశాయి. తేడా అంతా ఎంతసేపు చూశారన్న దగ్గర ఉంది. పొద్దున్న వచ్చేవాళ్లు రేటింగ్ చెప్పే చోటికి జరుపుకుని చూసి వెళ్లిపోతారు. ఈ రాత్రి జనం సగం దాటి కూర్చున్నారు. ట్రాఫిక్ సోర్స్‌లో వెతికి వచ్చినవాళ్ల వాటా తగ్గి, పెద్ద ఛానెళ్ల వీడియో పక్కన సూచనగా చూసి వచ్చినవాళ్ల వాటా పెరిగింది. మీ ఛానెల్‌లో ఏ జనం వస్తున్నారో తెలుసుకోవాలంటే మొత్తం వ్యూస్ కాదు, ఈ రెండు వాటాలు శుక్రవారం మధ్యాహ్నం ఒకసారి, శనివారం మధ్యాహ్నం ఒకసారి చూడండి.

అప్పటినుంచి మీడియం సినిమాలకి నేను పొద్దున్న పరుగు మానేశాను. షెడ్యూల్ పెట్టేసి హెచ్‌డీ పూర్తయ్యేదాకా వదిలేస్తాను. నోటిఫికేషన్లు కూడా పొదుపు అవుతాయి, ఎందుకంటే ఒక ఛానెల్ నుంచి రోజుకి మూడు దాకానే సబ్‌స్క్రైబర్లకి వెళ్తాయి, పొద్దున్నే పబ్లిక్ టాక్, ఫస్టాఫ్ రిపోర్ట్ అని పెట్టేస్తే అసలు రివ్యూకి మిగలవు.

టైమ్ ఎంచుకునేటప్పుడు స్టూడియోలో వచ్చే ఊదారంగు గళ్ల చార్ట్‌ని రిలీజ్ వారంలో పట్టించుకోకండి. మీ ప్రేక్షకులు యూట్యూబ్‌లో ఎప్పుడుంటారో చూపించే ఆ చార్ట్ 28 రోజుల లెక్క. మామూలు రోజులకి అది బాగానే ఉంటుంది. కొత్త సినిమా రోజు వచ్చే జనంలో చాలామంది మీ ఛానెల్ మొహం ఎప్పుడూ చూడనివాళ్లు, వాళ్లు ఆ గళ్లలో ఉండరు. పెట్టిన టైమ్‌ని బట్టి వీడియో దీర్ఘకాలపు ఫలితం నేరుగా మారుతుందని తేలలేదు అని యూట్యూబ్ హెల్ప్ పేజీలోనే ఉంటుంది. వంటల వీడియోకి ఆ మాట సరిపోతుంది. సినిమా రివ్యూకి దీర్ఘకాలం అనేదే ఓటీటీ వచ్చేదాకా ఉండదు.

ఓటీటీ అన్నాను కాబట్టి, షెడ్యూల్‌ని నేను ఇంతకుముందు పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను, దానికి కారణం కూడా అదే. చాలా సినిమాలు నాలుగు వారాలు అటూ ఇటూగా ఓటీటీకి వస్తాయి, చాలావరకు అర్ధరాత్రి వదులుతారు. ఆ రాత్రి నుంచి రెండో ఊపు వస్తుంది. అది శుక్రవారం పొద్దున్నంత ఎత్తు లేవదు గానీ తొందరగా పడదు కూడా, వారం దాకా సాగుతుంది. ఆ రాత్రికి 'ఓటీటీలో చూడొచ్చా' అని కొత్త వీడియో చేసి పన్నెండింటికి షెడ్యూల్ పెట్టి పడుకునేవాణ్ని, ఎంత సుఖమో అని అందరికీ చెప్పేవాణ్ని కూడా. కానీ వెతికినప్పుడు పైకి వచ్చేది నా పాత రివ్యూయే. దానికి నాలుగు వారాల వ్యూస్, కామెంట్లు ఉన్నాయి, కొత్తది దాన్ని దాటలేకపోయేది. ఇప్పుడు కొత్త వీడియో మానేసి పాతదానికే టైటిల్‌లో ఓటీటీ అని చేర్చి థంబ్‌నెయిల్ మారుస్తున్నాను, ఫలితం దీనికే బాగుంది. అయితే షెడ్యూల్ అన్నది వీడియో వదలడానికి మాత్రమే, టైటిల్, థంబ్‌నెయిల్ మార్పులకి పనిచెయ్యదు. అందుకని ఆ రాత్రి అలారం పెట్టుకుని లేచి నేనే మార్చాలి. ఈ ఒక్క సదుపాయం వస్తే ఇంకేమీ అడగను.

కొనమనో వద్దనో చెప్పడానికి ఇదేం డబ్బులు పెట్టే వస్తువు కాదు, వాడుకోవడం మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. నాకు పగలు దుకాణం ఉంది, ముందురోజు ప్రీమియర్‌కి వైజాగ్ వెళ్లి రావడం కుదరదు, నా ప్రేక్షకుల్లో ఎక్కువమంది మా ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలవాళ్లు. హైదరాబాద్‌లో ఉండి రాత్రే సినిమా చూసేయగలిగినవాళ్లకి నా ఎనిమిదిన్నర లెక్క నష్టమే, వాళ్లు తెల్లారేలోపు పెట్టెయ్యాలి. అర్ధరాత్రి దాటాక బెనిఫిట్ షోలు పడే పెద్ద హీరోల సినిమాలకి కూడా ఇది వర్తించదు, ఆ జనం శుక్రవారం రాత్రికి రివ్యూలు వెతకరు, కలెక్షన్లు వెతుకుతారు.

సంక్రాంతికైతే నేను షెడ్యూల్ అసలు ముట్టుకోను. ఒక సినిమా వచ్చిన రోజో రెండు రోజులకో ఇంకొకటి దిగుతుంది, ఎనిమిదిన్నర దాకా ఆగితే మర్నాటి సినిమా టాక్ కిందపడి మనది నలిగిపోతుంది. సోమవారం పడిపోవడమన్న లెక్క కూడా ఆ వారం ఉండదు. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇళ్లలోనే ఉంటారు, కనుమ సాయంత్రం దాకా మా ఊళ్లో హాళ్లు నిండుతూనే ఉంటాయి, వాళ్లు తిరుగు బస్సులెక్కాకే గీత పడుతుంది. ఆ నాలుగు రోజులూ హెచ్‌డీ వచ్చినా రాకపోయినా ఎక్కిన వెంటనే వదిలేస్తాను.