20 లక్షల ఎఫ్‌డీ: ఆరు బ్యాంకుల్లో వేయాలా, రెండు బ్యాంకుల్లో మూడు రకాల పేర్లతో వేయాలా?

డబ్బు ఒకే బ్యాంకులో ఉంచొచ్చా, నాలుగైదు చోట్ల వేయాలా అని చాలామంది అడుగుతున్నారు. ఈ మధ్య మా నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 20 లక్షలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చి, నేనూ కూర్చుని లెక్క వేశాను. బ్యాంకు మునిగితే డిపాజిట్లకు రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ ఇచ్చే బీమా 5 లక్షల వరకే అని అందరికీ తెలుసు. అయితే ఆ 5 లక్షలను ఎలా లెక్కపెడతారన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

ముందు, అన్నీ ఒకే పెద్ద బ్యాంకులో వేసే సంగతి. ఇది మరీ తీసిపారేయాల్సిన ఆలోచన కాదు. 2020 మార్చి 5న యెస్ బ్యాంకుపై మారటోరియం పెట్టి 50 వేలకు మించి తీయనివ్వలేదు. అదే నెల 18న దాన్ని ఎత్తేశారు, డిపాజిటర్లు పైసా పోగొట్టుకోలేదు. పెద్ద వాణిజ్య బ్యాంకు మునిగి డిపాజిట్ పోతుందన్న భయం తక్కువే. ఎక్కువ వడ్డీ కోసం సహకార బ్యాంకులో వేసేవాళ్లు మాత్రం పీఎంసీ బ్యాంకును మర్చిపోకూడదు. 2019 సెప్టెంబర్‌లో ఆంక్షలు వచ్చిన రోజు ఖాతాకు వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. 2022 జనవరిలో అది యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిశాక, 5 లక్షలకు పైన ఉన్న డబ్బును పదేళ్ల వరకు విడతలుగా చెల్లించేలా పథకం పెట్టారు. రిటైరైన మనిషికి పదేళ్లంటే చాలా కాలం.

ఇక ఎక్కువమంది చేసే పని, ఐదారు బ్యాంకుల్లో తలా కొంత వేయడం. లెక్క తేలిక. ఒక్కో బ్యాంకుకు ఒక 5 లక్షలు. ఒకే బ్యాంకులో వేర్వేరు బ్రాంచీల్లో వేస్తే లాభం లేదు, అన్నీ కలిపే చూస్తారు. నామినీని మార్చినా పరిమితి పెరగదు. వ్యాపారి తన సొంత షాపు పేరున తెరిచిన కరెంట్ ఖాతా కూడా ఆయన వ్యక్తిగత డిపాజిట్లతోనే కలుస్తుంది.

ఈ పద్ధతికి విలీనాల బెడద ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడింటిలో తలా 5 లక్షలు వేసుకున్న మనిషికి ఆ రోజు నుంచి మూడూ ఒకే బ్యాంకు. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి, అక్కడా ఇదే లెక్క. బ్యాంకుల సంఖ్యనే నమ్ముకున్నవాళ్లు ఇలాంటి వార్తలు చూస్తూనే ఉండాలి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. నాన్న ఒక్కరి పేరున ఆరు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు ఉంటే ఆరు చోట్ల కేవైసీ, ఆరు చోట్ల నామినీ, వయసును బట్టి ఏటా ఆరు చోట్ల ఫారాలు. ఆయనకేదైనా అయితే అమ్మ ఆరు బ్యాంకులు తిరిగి క్లెయిమ్ పెట్టుకోవాలి. అందులో ఏ ఒక్కటి ఇంట్లో ఎవరికీ తెలియకపోయినా, పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. హక్కు పోదు కానీ, ఉందని తెలియని డబ్బును అడిగేదెవరు? నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది ఇదే: డబ్బు వేసిన మనిషి లేకపోయినా, ఇంట్లో మిగిలినవాళ్లు దాన్ని సులువుగా తీసుకోగలగాలి.

అందుకే నాకు మూడో దారి నచ్చింది. 5 లక్షల పరిమితి మనిషికి ఇంతని కాదు, ఒక బ్యాంకులో ఏ హోదాలో, ఏ హక్కుతో డబ్బు ఉందో దాన్ని బట్టి. నాన్న ఒక్కరి పేరున ఉన్నవన్నీ ఒక లెక్క, అమ్మ ఒక్కరి పేరున ఉన్నవి ఇంకో లెక్క, ఇద్దరి జాయింట్ ఖాతా మూడో లెక్క. జాయింట్‌లో పేర్ల వరుస తిరగేసి, ముందు అమ్మ తర్వాత నాన్న అని పెడితే, అది నాలుగోది. డీఐసీజీసీ నిబంధనల ప్రకారం వరుస మారితే వేరుగానే లెక్కిస్తారు. అంటే భార్యాభర్తలకు ఒకే బ్యాంకులో 20 లక్షల దాకా బీమా దొరుకుతుంది.

మరి ఒక్క బ్యాంకుతోనే ఎందుకు సరిపెట్టుకోలేదంటే, బీమా డబ్బును కాపాడుతుంది కానీ, అది చేతికి రావడానికి సమయం పడుతుంది. డీఐసీజీసీ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, బ్యాంకుపై ఆంక్షలు పెట్టిన రోజు నుంచి 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలన్నది నిబంధన. 45 రోజులు బ్యాంకు జాబితా పంపడానికి, 30 రోజులు పరిశీలనకు, 15 రోజులు చెల్లింపుకు. ఆ మూడు నెలలూ ఇల్లు గడవాలి. పైగా ఆ సొమ్ము జమ కావడానికి వేరే బ్యాంకులో ఖాతా ఉండాలి. కాబట్టి రెండు బ్యాంకులు తప్పనిసరి అనుకున్నాను. అంతకన్నా ఎక్కువ మాకు అవసరం లేదు.

రెండు బ్యాంకుల్లోనూ నాన్న పేరున ఒకటి, అమ్మ పేరున ఒకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. మొత్తం ఆరు ఎఫ్‌డీలు, ఒక్కోటి దాదాపు 3.33 లక్షలు. 5 లక్షలు అనుమతిస్తుంటే 3.33 ఎందుకంటే, పరిమితిలో అసలుతో పాటు వడ్డీ కూడా కలుస్తుంది. 7 శాతం వడ్డీతో, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే ఐదేళ్ల క్యుములేటివ్ ఎఫ్‌డీ అయితే 3.33 లక్షలు చివరికి 4.72 లక్షలవుతుంది, ఇంకా 28 వేలు మిగులు ఉంటుంది. అదే 5 లక్షలు నిండుగా వేస్తే మొదటి వడ్డీ నుంచే పరిమితి దాటినట్టు. మూడు నెలలకోసారి వడ్డీ తీసుకునేవాళ్లు 4.8 లక్షలు వేయొచ్చు. అప్పుడు మూడు నెలలకు 8,400 వస్తుంది. కానీ ఆ వడ్డీ అదే బ్యాంకులోని అదే పేరున్న సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది, ఎప్పటికప్పుడు బయటికి పంపాలి. ఎఫ్‌డీ మీద అప్పు తీసుకుని ఉంటే, దాన్ని మినహాయించుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది.

ఈ దారిలో జాగ్రత్తలూ లేకపోలేదు. అమ్మ పేరున వేసినది నాన్న డబ్బే కాబట్టి, దాని వడ్డీ పన్ను లెక్కలో నాన్న ఆదాయంలోనే చూపాలి. పన్ను తగ్గుతుందని ఆశ పెట్టుకోకూడదు. జాయింట్ ఎఫ్‌డీకి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోవచ్చని రాయించడంతో సరిపోదు. ఒకరు పోయాక మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవచ్చన్న అంగీకారం కూడా ఫారంలో రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఈ కాగితం గురించి కౌంటర్‌లో ఎవరూ గుర్తుచేయరు, మనమే అడగాలి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. పోస్టాఫీసు పథకాలకు ప్రభుత్వ హామీ ఉంది, 5 లక్షల గొడవే లేదు. లిక్విడ్ ఫండ్‌లకు ఈ బీమా లేదు. సహకార సంఘాలు, ప్రైవేటు కంపెనీల డిపాజిట్లకు కూడా లేదు. పేరులో ‘సహకార’ అని ఉన్నంత మాత్రాన సంఘం బ్యాంకు కాదు. వేసే ముందు డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా తెరిచి, ఆ సంస్థ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి.