రెండున్నరేళ్ల వాడకం తర్వాత: ఫేజ్ డిటెక్షన్, లేజర్, డెప్త్ సెన్సర్‌లలో ఫొటోకి ఏది ఎంత పనికొచ్చింది

ఈ సమీక్ష ఒక మధ్యస్థ ధర ఫోన్ కెమెరా గురించి. ప్రధాన కెమెరా 50 మెగాపిక్సెల్, అపెర్చర్ ఎఫ్/1.8, అందులో ఫేజ్ డిటెక్షన్ ఆటోఫోకస్. ఫ్లాష్ పక్కన నల్లటి చిన్న కిటికీ ఉంది, అది ఫోకస్ కోసం దూరం కొలిచే లేజర్. కింద ఇంకో చిన్న కన్ను, అది 2 మెగాపిక్సెల్ డెప్త్ సెన్సర్. ఇలాంటి ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది కాబట్టి ఫోన్ పేరు కంటే ఈ మూడింటి పనితీరే ముఖ్యం.

ముందే చెప్పేస్తాను. పగటి ఫొటోల్లో స్పష్టత దాదాపు మొత్తం ఫేజ్ డిటెక్షన్ చలవే. చీకటి పడ్డాక లేజర్ పని మొదలవుతుంది. డెప్త్ సెన్సర్‌కి ఫోకస్‌తో సంబంధమే లేదు.

ఫేజ్ డిటెక్షన్ చేసేది ఇది. సెన్సర్‌లోని కొన్ని పిక్సెళ్లు లెన్స్ ఎడమ సగం నుంచి వచ్చే వెలుతురును మాత్రమే చూస్తాయి, మరికొన్ని కుడి సగం నుంచి వచ్చేదాన్ని. ఫోకస్ కుదిరితే ఆ రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కుదరకపోతే పక్కకి జరిగి ఉంటాయి. ఎటు జరిగాయన్నది లెన్స్ ఎటు కదలాలో, ఎంత జరిగాయన్నది ఎంత కదలాలో చెబుతుంది. అందుకే లెన్స్ దాదాపు ఒక్క ఊపులో సరైన చోటికి వెళ్లిపోతుంది. ఇది లేని కెమెరా లెన్స్‌ని కొంచెం కొంచెం జరుపుతూ, బొమ్మ ఎక్కడ బాగా తేటగా ఉందో దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. స్క్రీన్ మీద బొమ్మ ఒకసారి మసకై, తేలి, మళ్లీ మసకైతే ఆ వెతుకులాటే జరుగుతోందని అర్థం. పరుగెత్తే పిల్లల్ని తీసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది: ఈ వెతుకులాట అయ్యేలోపు పిల్లవాడు ఇంకో చోట ఉంటాడు.

దీనికో బలహీనత ఉంది, ఇంట్లోనే చూడొచ్చు. పట్టుచీర అంచుని బల్ల మీద పరిచి, ఫోన్‌ని 15 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకోండి. జరీ గీతలు ఫోన్ పొడుగుకి సమాంతరంగా ఉంటే ఫోకస్ తడబడుతుంది. ఫోన్‌ని పావువంతు తిప్పండి, వెంటనే కుదురుతుంది. కారణం తేలిక. ఆ రెండు బొమ్మలు జరిగేది సెన్సర్ పొడుగు వైపే. అదే దిశలో సాగే గీత ఎంత జరిగినా అలాగే కనిపిస్తుంది, కొలవడానికి ఏమీ దొరకదు. నాలుగు పిక్సెళ్లని ఒకే సూక్ష్మ లెన్స్ కింద పెట్టిన సెన్సర్లు రెండు దిశల్లోనూ కొలుస్తాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది ఉండదు. ఈ ఫోన్‌లో ఉన్నది ఆ రకం కాదు.

మరి ఇక్కడ లేజర్ ఆదుకోదా? అంతగా ఆదుకోదు. ఈ లెన్స్‌తో 15 సెంటీమీటర్ల దూరంలో తేటగా కనిపించే మందం సుమారు ఒక సెంటీమీటరే. లేజర్ కొలత ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయినా జరీ మసకే. దగ్గరి ఫొటోల్లో చివరి సర్దుబాటు ఎప్పుడూ ఫేజ్ డిటెక్షన్‌దే.

లేజర్ విలువ తెలిసేది కరెంటు పోయినప్పుడు. గదిలో ఒక్క కొవ్వొత్తి, మనిషి 1.2 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. ఫేజ్ పిక్సెళ్లకి అందే వెలుతురు తక్కువ, పైగా సగం లెన్స్‌దే, కాబట్టి రెండు బొమ్మలూ గరగరలాడుతూ పోలిక కుదరదు. లేజర్‌కి గదిలో వెలుతురుతో పనిలేదు. కంటికి కనపడని పరారుణ కాంతిని తనే వదిలి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. 1.2 మీటర్లు వెళ్లి రావడానికి కాంతికి పట్టేది 8 నానోసెకన్లు. ఆ దూరంలో ఈ లెన్స్‌కి సుమారు 95 సెంటీమీటర్ల నుంచి 1.6 మీటర్ల దాకా తేటగానే వస్తుంది కాబట్టి కొలతలో కాస్త తప్పున్నా ముఖం చెడిపోదు. ఫోన్లలో ఈ పద్ధతిని 2014లో ఎల్‌జీ జీ3 తెచ్చింది.

ఇలాంటి లేజర్లు కొలవగలిగేది కొన్ని మీటర్లే. అది పెద్ద లోటు కాదు: ఈ లెన్స్‌ని నాలుగున్నర మీటర్ల దగ్గర నిలిపితే రెండుంబావు మీటర్ల నుంచి కొండల దాకా అన్నీ తేటగానే ఉంటాయి. ఎర్రటి ఎండలో సూర్యుడి పరారుణంలో లేజర్ మునిగిపోతుంది, కానీ ఆ వెలుతురులో ఫేజ్ డిటెక్షన్ హాయిగా పనిచేస్తుంది.

అసలు ఇబ్బంది అద్దాలతో. ఏసీ బోగీ కిటికీలోంచి పొలాల్ని తీస్తే లేజర్ అద్దాన్నే వస్తువు అనుకోవచ్చు. అప్పుడు అద్దం మీది మరకలు తేటగా, పొలాలు మసకగా వస్తాయి. దూరంగా ఉన్న చెట్టు మీద వేలు నొక్కి ఉంచి ఫోకస్ లాక్ చేయండి. ప్రో మోడ్ ఉంటే ఫోకస్ గీతని కొండ బొమ్మ వైపు చివరిదాకా లాగడం ఇంకా నమ్మకం.

కెమెరా మీద అతికించే గ్లాస్‌తోనూ ఇదే చిక్కు. లేజర్ కిటికీని కూడా కప్పేసే ఒకే ముక్క గ్లాస్ అయితే కాంతి కొంత గ్లాస్ లోపలే తిరిగి వచ్చేస్తుంది, దాంతో ఏదో చాలా దగ్గర్లో ఉన్నట్టు కొలత వస్తుంది. గుర్తు ఇదీ: పగలు ఫొటోలు బాగుంటాయి, రాత్రి మాత్రం మనుషులు మసకగా వస్తారు. కెమెరా చెడిందనుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లేముందు గ్లాస్ తీసి చూడండి. వేలి జిడ్డు కూడా ఇదే పని చేస్తుంది, మెత్తటి గుడ్డతో ఆ నల్ల కిటికీని తుడవాలి.

రాత్రి మసకలన్నీ ఫోకస్ తప్పులు కావని కూడా గుర్తుంచుకోండి. ఫొటోని పెద్దది చేసి చూస్తే మనిషి మసకగా, వెనక గోడ తేటగా ఉంటే ఫోకస్ తప్పింది. గోడ బాగుండి, మనిషి చెయ్యి గీతలా సాగి ఉంటే మనిషి కదిలాడు. అన్నీ ఒకే వైపు సాగితే ఫోన్ కదిలింది. ఈ చివరి రెండింటికీ ఏ లేజరూ మందు కాదు.

ఇక డెప్త్ సెన్సర్. ప్రధాన కెమెరాకి కాస్త పక్కనుంచి అదే దృశ్యాన్ని చూసి, రెండు బొమ్మల మధ్య తేడాతో ఏది దగ్గరో ఏది దూరమో అంచనా వేస్తుంది. ఆ అంచనా పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక భాగాన్ని మసక చేయడానికి మాత్రమే. మామూలు ఫొటో తీసేటప్పుడు దాన్ని వేలితో మూసినా ఫొటోలో ఏ తేడా లేదు. పోర్ట్రెయిట్‌లో మూసి చూసినా తేడా అంతంతే, మనిషి ఆకారాన్ని సాఫ్ట్‌వేరే గుర్తించి కత్తిరిస్తోంది. సాదా గోడ ముందు పోల్చడానికి ఆనవాళ్లు దొరకవు, కిటికీ ఊచల ముందు ఏ ఊచ ఏదో తికమకపడుతుంది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని తీస్తే మోచేతి సందులోంచి కనిపించే గోడ తేటగా ఉండిపోవడం, చెవి బుట్టలు, ముంగురులు సగం మాయమవడం రెండున్నరేళ్లలో ఏ అప్‌డేట్‌తోనూ తగ్గలేదు. గూగుల్ పిక్సెల్ 2 అయితే 2017లోనే వెనక ఒక్క కెమెరాతో, ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్ల నుంచే దూరాన్ని అంచనా వేసి పోర్ట్రెయిట్ తీసింది. 2020లో ఐఫోన్ 12 ప్రోలో వచ్చిన లైడార్ వేరే కోవ: లేజర్ లాగే కాంతి సమయంతో అనేక బిందువుల దూరం కొలిచి, చీకట్లో ఫోకస్‌కీ సాయపడుతుంది.

కాబట్టి కొనేటప్పుడు 2 మెగాపిక్సెల్ డెప్త్ సెన్సర్‌ని కెమెరాల లెక్కలో కలపకండి. ఆ చోట వైడ్ కెమెరాకి ఆటోఫోకస్ ఉందో లేదో చూడండి. ఈ ఫోన్‌లో అది ఫిక్స్‌డ్ ఫోకస్, చిన్న గదిలో అందరినీ ఒకే ఫొటోలో ఇరికించినప్పుడు బాగా ముందు కూర్చున్నవాళ్లు ఎప్పుడూ కాస్త మసకే.