బోరులో మోటరు ఇరుక్కుంటే ట్రాక్టరు కట్టి గుంజేవాళ్లను పిలవకండి

నల్లగొండ వైపు బత్తాయి రైతులు అందరూ ఒక్కసారి చదవండి. మోటర్లు తీసే బండి ఒకటి మన ఊళ్లలో తిరుగుతుంటుంది, వెనక ట్రాక్టరు, ముందు మైకు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ముందూ వెనకా సరిగ్గా చెప్పలేకపోవచ్చు.

మోటరు నీళ్లు తగ్గించింది, తీసి చూద్దామని వాళ్లను పిలిచాం. పైపు 280 అడుగులు, నల్ల పైపు, రెండు అంగుళాలది. 220 అడుగుల దాకా చకచకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పైకి రాదు. నల్ల పైపు మీద మీటరు మీటరుకు అంకె అచ్చు వేసి ఉంటుంది కదా, చూస్తే లోపల ఇంకా 60 అడుగులు ఉన్నట్టు లెక్క తేలింది. మా బోరు బిల్లులో కేసింగు కూడా 60 అడుగులే. అంటే మోటరు తల సరిగ్గా కేసింగు పైపు అడుగు అంచుకు తగులుకుంది. ఇది పెద్ద చదువు అక్కర్లేని లెక్క. ఆ మాటే వాళ్ల మేస్త్రీకి చెప్పాను. "తమ్మీ, రాళ్లు పడలేదు, బురద కాదు, కేసింగు అంచు పట్టుకుంది, కొంచెం కిందికి వదిలి తిప్పి చూడు" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండానే "ట్రాక్టరు కట్టురా" అన్నాడు.

వాళ్లు స్టాండు నిలబెట్టలేదు, చైన్ బ్లాకు తేలేదు. పైపును కేసింగు మూతి మీదుగా వంచి, దానికి గొలుసు చుట్టి, ట్రాక్టరు వెనక కొక్కేనికి తగిలించారు. డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. నల్ల పైపు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, అది వెంటనే తెగదు, సాగుతుంది. ట్రాక్టరు నాలుగడుగులు ముందుకు పోయింది, "వస్తుంది, వస్తుంది" అని కేకలు. వచ్చేది మోటరు కాదు, సాగుతున్న పైపు. పైపు మీద గీసిన తెల్ల గీత కదిలింది నిజమే, కానీ డ్రైవరు వెనక్కి తీయగానే ఆ గీత మళ్లీ మొదటి చోటికే పోయింది. నేను చూపించాను. మా బావమరిది చూపించాడు. రెండోసారి ఇంకా గట్టిగా గుంజాడు. లోపల టప్‌మని చప్పుడు, పైపు మొత్తం ఎగిరి పొలంలో పడింది. మోటరు దగ్గర పైపును పట్టి ఉంచే జాయింటు ఊడిపోయింది. పైపుకు టేపు వేసి కట్టిన వైరు కూడా మోటరు దగ్గరి జాయింటులో తెగి పైపుతో పాటు బయటికి వచ్చింది. ఆ గొలుసు దారిలో మనిషి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

మోటరు అడుక్కి పోకుండా ఆపింది తాడు ఒక్కటే. 12 ఎంఎం తాడు, దించేటప్పుడు మోటరు చెవికి కట్టించింది. దాని పై కొస వాళ్ల ఇనుప క్లాంపుకు కట్టి ఉంది, ఆ క్లాంపు కేసింగు మూతి మీద అడ్డంగా ఉంది.

అసలు నేను ఇది రాస్తున్నది తర్వాత జరిగిన దాని కోసం. మేస్త్రీ వచ్చి మాట్లాడుకున్న డబ్బు మొత్తం అడిగాడు. మోటరు లోపలే ఉంది కదా అంటే, "మేం కష్టపడ్డం, రాకపోతే మేమేం చేస్తం, నీకు అంత తెలిస్తే నువ్వే తీసుకో అన్నా, మమ్మల్నెందుకు పిలిచినవ్" అన్నాడు. అడ్వాన్సు తీసుకున్నావు, మిగతాది మోటరు బయటికి వచ్చాక ఇస్తానన్నాను. అప్పుడు తన మనిషిని పిలిచి, "మన క్లాంపు ఇప్పురా, వేరే పని ఉంది" అన్నాడు. మోటరు ఆ క్లాంపు మీదే వేలాడుతోందని వాడికి తెలుసు. ఆ పిల్లవాడు పానా పట్టుకుని బోల్టు విప్పుతుంటే నేను, మా బావమరిది పరుగెత్తి తాడు చేతులతో పట్టుకున్నాం. తాడు జారి అరచేతులు కాలాయి. షెడ్డు స్తంభానికి తాడు చుట్టే దాకా వాళ్లు నిలబడి చూశారు, ఒక్కడు చెయ్యి వెయ్యలేదు. క్లాంపు బండిలో వేసుకుని పోయారు.

పని రాకపోతే రాలేదని చెప్పొచ్చు, అందులో తప్పు లేదు. కానీ పట్టి ఉంచిన ఒక్క ఆధారాన్నీ విప్పుకుని పోవడం ఏ మనిషైనా చేసే పనేనా?

తర్వాత పక్క ఊరి పెద్దాయన వచ్చి తీశారు. ఎలా తీశారో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే రేపు మీ బోరు దగ్గర పని సరిగ్గా జరుగుతోందా లేదా మీకే తెలియాలి.

ముందు స్టార్టరు ఫ్యూజులు తీయించి జేబులో వేసుకున్నారు. మూడు కాళ్ల స్టాండు వేసి, చైన్ బ్లాకు కొక్కెం నుంచి దారానికి నట్టు కట్టి వదిలి, అది కేసింగు మూతికి నట్టనడుమ పడేదాకా కాళ్లు జరిపారు. పైన పక్కకు లాగితే తాడు కేసింగు గోడకు ఆనుకుంటుందట, కింద మోటరు తల కూడా అటే ఒరిగి అంచుకు ఇంకా గట్టిగా తగులుకుంటుందట. ట్రాక్టరు చేసిన పని అదే. మా బోరు 6.5 అంగుళాలు, మోటరు చుట్టూ మిగిలే సందు వేలు మందం కూడా ఉండదు. అంత సందులో కొంచెం ఒరిగినా అంచు వదలదు.

కేసింగుకు రెండు పక్కలా నేల మీద చెక్క దిమ్మెలు పెట్టి, వాటి మీద ఇనుప చానళ్లు వేశారు. క్లాంపు బరువు ప్లాస్టిక్ కేసింగు మీద పడకూడదని. పడితే కేసింగు కిందికి దిగొచ్చు, పగలొచ్చు, అప్పుడు మోటరుతో పాటు బోరు కూడా పోయినట్టే. తాడును క్లాంపు రెండు పలకల మధ్య పెట్టి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బోల్టులు బిగించారు. ముడి వేయలేదు. ముడి పడిన చోట తాడు బలం దాదాపు సగం పోతుందని అన్నారు. క్లాంపులు రెండు తెచ్చారు, ఒకటి కొక్కేనికి, ఒకటి చానళ్ల మీద. కొక్కెం పైదాకా పోయాక కింది క్లాంపు బిగించి, పైది విప్పి కిందికి తెచ్చుకుంటారు. అలా బరువు ఒక్క క్షణం కూడా చేతుల మీద ఉండదు.

మొదటి పని లాగడం కాదు, వదలడం. రెండడుగులు వదిలారు. మోటరు తన బరువుతో తానే దిగింది, తాడు బిగుతుగానే ఉంది. "చూశావా బిడ్డా, కిందికి పోతుంది, మీదికి రాదు. బురదైతే కిందికి కూడా పోదు" అన్నారు. ఆ ఒక్క పరీక్ష ట్రాక్టరు వాడు చేసి ఉంటే మాకు ఈ గోసే లేదు.

తర్వాత చైను మెల్లగా తిప్పుతూ పైకి. అంచుకు తగలగానే చైను బరువెక్కింది. అక్కడ ఆపి, తాడు మీద చాక్‌పీసుతో గీత గీశారు. ఇంకొంచెం బిగించి వదిలేసి కూర్చున్నారు. పది నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మోటరు బరువు 70 కిలోలనుకుంటే, అంతకు మించి చైను ఎంత బిగిస్తే అంతా కేసింగు అంచు మీదే పడుతుంది, అందుకే ఎక్కువ బిగించరట. గీత కదలకపోతే అడుగు వదిలి, తాడును కొంచెం మెలిపెట్టి, మోటరు కాస్త తిరిగేదాకా ఆగి, మళ్లీ పైకి. వదలడం, తిప్పడం, బిగించడం, ఆగడం. చాలాసేపు అదే పని. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది, మాకైతే ఒకటే టెన్షన్. ఒక మెలిక దగ్గర చైను ఉన్నట్టుండి తేలికైంది, చాక్‌పీసు గీత జానెడు పైకి వచ్చింది. ఈసారి వదిలి చూసినా ఆ చోటు దగ్గర పట్టలేదు. మోటరు కేసింగులోకి వచ్చేసింది. అక్కడి నుంచి 60 అడుగులూ అదే నిదానంతో తీశారు.

బయటికి వచ్చాక చూస్తే, మోటరు పక్కన వైరును కప్పే స్టీలు రేకు పై కొస బయటికి వంగి ఉంది. స్క్రూ లేదు. ఆ వంపులో కేసింగు ప్లాస్టిక్ ముక్క ఒకటి గోరంత ఇరుక్కుని ఉంది. ఇంత చిన్న రేకు పట్టుకుంటే దాన్ని ట్రాక్టరుతో గుంజారు. కేసింగు అంచు ఇంకా ఎంత దెబ్బ తిందో కెమెరా దించితే గానీ తెలియదు. పైపు సాగి సన్నబడింది, వైరు పోయింది, ఎండల్లో తోటకు నీళ్లు ఆగాయి, పిందె రాలింది. మేస్త్రీ ఫోను ఎత్తడం లేదు.

అన్నీ ఇలా వస్తాయని చెప్పడం లేదు. మోటరు కిందికీ కదలక, పైకీ కదలకపోతే రాళ్లో, బురదో, కేసింగు నలగడమో అయి ఉంటుంది. దానికి ఈ పద్ధతి ఒక్కటే చాలదు, ముందు కెమెరా వేయించండి. తాడు పోగులు లేస్తున్నా, సన్నబడుతున్నా అక్కడే ఆపించండి. తాడుకు ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. జీఐ పైపులైతే తిప్పడం బిగిసే వైపే తిప్పాలి, ఎదురు తిప్పితే లోపల మర ఊడి మోటరు అడుక్కి పోతుంది.

ఆ బండి మీ ఊరికి వస్తే అడ్వాన్సు ఇచ్చే ముందే చైన్ బ్లాకు, రెండు క్లాంపులు ఉన్నాయా అని అడిగి, కళ్లతో చూడండి. లేవంటే వెనక్కి పంపండి. పెద్దాయన నంబరు కావాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి ఇస్తాను.