"అన్ని యాప్‌లూ పనిచేస్తాయి" అన్న మాట నమ్మి పాత ఫోన్ కొనేవారికి హెచ్చరిక

ఒకసారి వాడిన ఫోన్‌ను ఇటీవల ఒక వ్యక్తి దగ్గర కొన్నాను. ఆండ్రాయిడ్ 6.0.1, 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ. ఇంత పాత ఫోన్‌లో యాప్‌లు నడుస్తాయా అని అడిగితే, ప్రతి యాప్‌కూ ఈ ఫోన్‌కు సరిపోయే చివరి వెర్షన్‌ను తానే వెతికి వేశానని, అన్నీ చక్కగా పనిచేస్తున్నాయని చెప్పారు. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చేయవద్దని, చేస్తే ఆ యాప్‌లు మళ్లీ దొరకవని కూడా అన్నారు. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగి ఉండవలసింది. ప్లే స్టోర్ నుంచి వచ్చిన యాప్ అయితే రీసెట్ తరువాత కూడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది. దొరకదని ఆయన ముందే చెబుతున్నారంటే, అది వేరే చోటి నుంచి వచ్చిందన్నమాట.

పైకి చూస్తే ఫోన్‌లో లోపమేమీ లేదు, యాప్‌లు నిజంగానే తెరుచుకున్నాయి. మూడో రోజున ఫైల్ మేనేజర్‌ను ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ చేయబోతే, డౌన్‌లోడ్ పూర్తయి ఇన్‌స్టాల్ దగ్గర విఫలమైంది. స్టోరేజీ చాలలేదేమోనని ఫొటోలు తీసేసి మళ్లీ ప్రయత్నించాను, ఫలితం అదే. అప్పుడు ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే adb అనే సాధనంతో ఈ రెండు ఆదేశాలు ఇచ్చాను.

```
adb shell getprop ro.build.version.security_patch
adb shell pm list packages -3 -i
```

మొదటిదానికి 2017-10-01 అని వచ్చింది, అంటే ఈ ఫోన్‌కు భద్రతా సవరణలు ఆ తేదీతో ఆగిపోయాయి. రెండోది ఒక్కో యాప్ ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తుంది: ప్లే స్టోర్ నుంచి వచ్చినదాని పక్కన `installer=com.android.vending` అని, ఫైల్‌గా తెచ్చి వేసినదాని పక్కన `installer=null` అని ఉంటుంది. నాకు నాలుగు యాప్‌ల పక్కన null కనిపించింది. null ఉన్నంత మాత్రాన యాప్ చెడ్డదని కాదు. పనిగట్టుకుని చేసేవారు ఆ చోట ప్లే స్టోర్ పేరును కూడా పెట్టగలరు గనుక, ఆ పేరు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు.

అందువల్ల ఆ నాలుగింటి ఏపీకే ఫైళ్లను, అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లను, కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, `apksigner verify --print-certs` తో యాప్ ఎవరి నుంచి వచ్చిందో తెలిపే డిజిటల్ సంతకాలను చూసి, ప్లే స్టోర్ నుంచి అవే యాప్‌లు వేసుకున్న ఇంట్లోని మరో ఫోన్‌లోని ఫైళ్లతో పోల్చాను. మూడింటి సంతకాలు కలిశాయి. ఫైల్ మేనేజర్‌ది కలవలేదు: బహుశా ఎవరో ఆ యాప్‌ను విప్పి, మార్చి, తమ సంతకంతో మళ్లీ మూటకట్టారు. అప్‌డేట్ విఫలమైనది ఇందుకే. పాత యాప్ మీద వేరే సంతకం ఉన్న కొత్త వెర్షన్‌ను ఆండ్రాయిడ్ వేయనివ్వదు.

సంతకాలు కలిసిన మూడూ సురక్షితమేనా అంటే, ఇంత పాత ఫోన్‌లో ఆ మాట వెంటనే అనలేము. 2017 డిసెంబరులో బయటపడిన జానస్ అనే లోపం (CVE-2017-13156) ఆండ్రాయిడ్ 5.1.1 నుంచి 8.0 వరకు ఉంది. పాత పద్ధతి సంతకం ఏపీకే లోపలి ఒక్కొక్క ఫైలుకే వర్తిస్తుంది. ఏపీకే ముందు భాగంలో ఎవరైనా వేరే కోడ్ అతికించినా సంతకం చెల్లినట్లే కనిపిస్తుంది, ఫోన్ మాత్రం ఆ అతికించిన కోడ్‌నే నడుపుతుంది. ఏపీకే మొత్తాన్ని కాపాడే రెండో పద్ధతి సంతకాన్ని ఆండ్రాయిడ్ 7.0 నుంచే ఫోన్లు పరిశీలిస్తాయి. అంటే నా ఫోన్‌కు ఆ రెండో సంతకం తెలియదు, జానస్‌ను సరిచేసిన డిసెంబరు సవరణ కూడా దానికి అందలేదు. దీన్ని కనిపెట్టడం మాత్రం తేలిక. ఫైలు మొదటి అక్షరాలు చూస్తే చాలు.

```
head -c 3 app.apk
```

సాధారణమైన ఏపీకే `PK` తో మొదలవుతుంది, అతికించిన కోడ్‌కు గుర్తైన `dex` కనిపిస్తే ఆ ఫైలును ముట్టుకోకూడదు. నా మూడూ `PK` తోనే మొదలయ్యాయి.

ఆ ఫైల్ మేనేజర్‌లో మరో సంగతి కూడా గమనించాను. కెమెరా, కాంటాక్టులు, ఎస్సెమ్మెస్ అనుమతులు దానికి ముందే ఉన్నాయి. `dumpsys package` లో చూస్తే targetSdk=22 అని ఉంది, అంటే అది ఆండ్రాయిడ్ 5.1 ను లక్ష్యంగా పెట్టుకుని తయారైనది; ఆండ్రాయిడ్ 6 సంఖ్య 23. 23 కంటే తక్కువ లక్ష్యంతో తయారైన యాప్ ఆండ్రాయిడ్ 6 లో ఏ అనుమతినీ విడిగా అడగదు, ఇన్‌స్టాల్ చేయగానే అన్నీ దానికి దక్కుతాయి. ఈ దారిని దుర్వినియోగం చేస్తున్నారనే ఆండ్రాయిడ్ 14 లో అలాంటి యాప్‌లను వేయనివ్వడం మానేశారు. ర్యామ్ తక్కువ కాబట్టి ఎంత పాత వెర్షన్ అయితే అంత తేలిక అనుకుని వెనక్కి వెనక్కి వెళ్లేవారు ఈ గీత దాటుతున్నట్టు గమనించరు.

చివరికి రీసెట్ చేసి, ప్లే స్టోరే ఇచ్చే చివరి వెర్షన్లు వేసుకున్నాను. మూటకట్టి మార్చిన యాప్‌ల బెడద దీనితో తీరింది, కానీ మిగిలినవి తీరలేదు. విక్రేత స్థలం మిగలడానికి ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూకు వచ్చిన అప్‌డేట్లన్నీ తొలగించి, ఆటో అప్‌డేట్ కూడా ఆపి పెట్టారు. రీసెట్‌కు ముందు నేను చూసినప్పుడు దాని వెర్షన్ 58, అంటే 2017 నాటిది. యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీలను చాలావరకు ఈ వెబ్‌వ్యూయే చూపిస్తుంది గనుక, యాప్ ఎంత కొత్తదైనా దాని కింద ఉన్నది ఏళ్లనాటి బ్రౌజరే. ఇప్పుడు దాన్ని 106 కు తెచ్చాను. ఆండ్రాయిడ్ 6 కు అదే ఆఖరు, క్రోమ్‌కు కూడా అంతే. అది 2022 సెప్టెంబరు చివర విడుదలైంది. సరిగ్గా మరుసటి సంవత్సరం సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలను చదివే లైబ్రరీలో CVE-2023-4863 అనే లోపం బయటపడింది. దాన్ని అప్పటికే దాడుల్లో వాడుతున్నారని గూగుల్ ప్రకటించింది. క్రోమ్‌కు దాని సవరణ 116 లో వచ్చింది. నా ఫోన్‌కు అది ఎన్నటికీ రాదు. ఆ లోపాన్ని వాడుకునే బొమ్మ ఉన్న పేజీ తెరుచుకుంటే చాలు, నేను ఏదీ నొక్కనక్కరలేదు.

ఆ లైబ్రరీని తమ లోపలే పెట్టుకున్న యాప్‌ల పరిస్థితీ ఇంతే. కొత్త వెర్షన్‌లో లోపాన్ని సరిచేసినప్పుడు, ఆ సవరణను చూసి పాత వెర్షన్‌లో తప్పు ఎక్కడుందో ఎవరైనా తెలుసుకోవచ్చు. నా ఫోన్‌లో ఆగిపోయిన వెర్షన్ విషయంలో ఆ సమాచారం రోజురోజుకూ పెరుగుతుందే తప్ప తగ్గదు.

కాబట్టి ఈ ఫోన్‌లో నా ఈమెయిల్, బ్యాంకు యాప్, సిమ్ కార్డు ఏవీ లేవు. స్టోర్ నుంచి యాప్‌లు తెచ్చుకోవడానికి ఇంకెక్కడా వాడని ఒక కొత్త ఖాతా పెట్టి, పని కాగానే దాన్ని తొలగించాను. కాపీ చేసుకున్న పాటలు వినడానికి, అలారానికి మాత్రం వాడుతున్నాను, వై-ఫై ఆపే ఉంటుంది. కొన్న డబ్బుకు ఇది చాలా తక్కువ పని, కానీ ఆ ఖరీదుకు నేను ఆశించినది విక్రేత చెప్పిన మాటలోనే ఉంది, ఫోన్‌లో లేదు.

మీరు కొనబోతుంటే డబ్బు ఇవ్వకముందే సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల దగ్గర సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ వెర్షన్ చూడండి, తరువాత మీ ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూపమనండి. వద్దంటే కారణం అడగండి. నాకు చెప్పిన కారణమే మీకూ చెబితే ఫోన్‌ను ఆయనకే తిరిగి ఇచ్చేయండి.