ఐపీఓ, ఎన్‌ఏవీ, సిప్: ఏళ్లపాటు వాడాక నా సమీక్ష

ఈ మూడింటితోనూ నాకు చాలా ఏళ్ల పరిచయం ఉంది. నెలనెలా సిప్ కడుతున్నాను, నచ్చిన కంపెనీ కనిపించినప్పుడు ఐపీఓకి అప్లై చేస్తున్నాను, ఎన్‌ఏవీ అయితే స్టేట్‌మెంట్ తెరిచిన ప్రతిసారీ ఎదురవుతుంది. నేను పెట్టుబడులు పెడతానని తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఐపీఓ మంచిదా, సిప్ మంచిదా?" అని. ఇంకొందరు "తక్కువ ఎన్‌ఏవీ ఉన్న ఫండ్ ఏదైనా చెప్పండి" అంటారు. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే ప్రశ్నలివి.

ఐపీఓ అంటే ఇనీషియల్ పబ్లిక్ ఆఫరింగ్. ఒక కంపెనీ షేర్లను తొలిసారి జనానికి అమ్మి, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదు చేయించుకునే సందర్భం అది. ఎన్‌ఏవీ అంటే నెట్ అసెట్ వాల్యూ. మ్యూచువల్ ఫండ్‌లో ఒక యూనిట్ విలువ ఈ రోజు ఎంతో చెప్పే లెక్క. సిప్ అంటే సిస్టమాటిక్ ఇన్వెస్ట్‌మెంట్ ప్లాన్. ఫండ్‌లోకి డబ్బు విడతలుగా పంపే పద్ధతి. ఒకటి సందర్భం, ఒకటి లెక్క, ఒకటి పద్ధతి కాబట్టి వీటిలో ఏది మంచిదని పోటీ పెట్టడం కుదరదు. సిప్ కట్టే ప్రతి విడతలోనూ ఎన్‌ఏవీ ఉంటుంది, ఐపీఓలో అసలు ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థం ఎన్‌ఏవీ చుట్టూనే ఉంది, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను.

ఒక ఫండ్ దగ్గరున్న షేర్లు, బాండ్లు, నగదు అన్నిటి విలువా కూడి, చెల్లించాల్సినవీ ఖర్చులూ తీసేసి, మిగిలినదాన్ని మొత్తం యూనిట్లతో భాగిస్తే ఎన్‌ఏవీ వస్తుంది. ఒక ఫండ్‌లో అన్నీ పోను 100 కోట్ల రూపాయలున్నాయి, యూనిట్లు 2 కోట్లు అనుకుందాం. ఎన్‌ఏవీ 50 రూపాయలు. ఆ రోజు కొత్తవాళ్లు ఇంకో 10 కోట్లు తెచ్చి పోశారు. ఫండ్ వాళ్లకి 50 రూపాయల చొప్పున 20 లక్షల కొత్త యూనిట్లు ఇస్తుంది. ఇప్పుడు ఫండ్‌లో 110 కోట్లు, యూనిట్లు 2 కోట్ల 20 లక్షలు. భాగించి చూడండి, మళ్లీ 50 రూపాయలే.

షేరుకీ యూనిట్‌కీ ఉన్న అసలు తేడా ఇదే. షేర్ల సంఖ్యకి ఒక హద్దు ఉంటుంది కాబట్టి కొనేవాళ్లు ఎగబడితే ధర పెరుగుతుంది. ఓపెన్ ఎండెడ్ ఫండ్‌లో యూనిట్లు అడిగినన్ని పుడతాయి, డబ్బు వెనక్కి తీసుకుంటే రద్దయిపోతాయి. కాబట్టి గిరాకీ ఎన్‌ఏవీని పెంచదు. లోపలున్న షేర్లు పెరిగితేనే అది పెరుగుతుంది, పడితే పడుతుంది.

ఇది అర్థమైతే 10 రూపాయల ఆశ దానంతటదే పోతుంది. కొత్త ఫండ్ మొదలైనప్పుడు వచ్చే ఆఫర్‌ని ఎన్‌ఎఫ్‌ఓ అంటారు, యూనిట్ సాధారణంగా 10 రూపాయలకే ఇస్తారు. ఒక ఏజెంట్ నాకు ఇలాంటిదే చూపించి, "పాత ఫండ్ 400 రూపాయలుంది సార్, ఇది పదికే దొరుకుతోంది, ఐపీఓ లాంటిదే" అన్నాడు. 10,000 రూపాయలతో చూద్దాం. పాత ఫండ్‌లో 25 యూనిట్లు వస్తాయి, కొత్తదాంట్లో 1,000. రెండూ అవే షేర్లు కొని, రెండూ 12 శాతం పెరిగాయనుకోండి. పాతదాని ఎన్‌ఏవీ 448 అవుతుంది, కొత్తదానిది 11 రూపాయల 20 పైసలు. మీ చేతిలో ఉన్నది రెండు చోట్లా 11,200 రూపాయలే. యూనిట్ల సంఖ్య ఎక్కువగా కనిపించడం తప్ప లాభం ఏమీ లేదు. నా మటుకు నేను పాత ఫండ్‌నే ఇష్టపడతాను, ఎందుకంటే మార్కెట్ పడ్డప్పుడు అది ఎలా నడిచిందో చూసుకోవడానికి చరిత్ర ఉంది.

ఎక్కువ ఎన్‌ఏవీ అంటే ఖరీదు కాదని స్వయంగా చూడాలంటే, ఏ ఫండ్‌దైనా రెగ్యులర్ ప్లాన్, డైరెక్ట్ ప్లాన్ ఎన్‌ఏవీలు పక్కపక్కన పెట్టండి, లాభాలు పంచకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్‌లోవి. 2013 జనవరి నుంచి ఈ రెండు ప్లాన్లూ ఉన్నాయి. షేర్లు అవే, మేనేజర్ అతనే. డైరెక్ట్‌లో ఏజెంట్ కమీషన్ ఉండదు కాబట్టి రోజూ కోసుకునే ఖర్చు తక్కువ, అందుకే కాలం గడిచేకొద్దీ దాని ఎన్‌ఏవీ పైకి జరుగుతూ వస్తుంది. ఇక్కడ ఎన్‌ఏవీ ఎక్కువగా ఉన్న ప్లానే మీకు చవక.

ఇక సిప్. దీని మీద నా అభిప్రాయం చాలా మంచిదే, కానీ అమ్మేవాళ్లు చెప్పే కారణానికి కాదు. "మార్కెట్ పడితే ఎక్కువ యూనిట్లు వస్తాయి కాబట్టి సిప్‌లో నష్టం రాదు" అని తరచూ వింటాం. మొదటి సగం నిజం, రెండోది కాదు.

నెలకి 5,000 చొప్పున మూడు నెలలు కట్టారనుకుందాం. ఎన్‌ఏవీ వరుసగా 50, 40, 62.50. యూనిట్లు 100, 125, 80 వస్తాయి, మొత్తం 305. యూనిట్ సగటున 49 రూపాయల 18 పైసలకి పడింది. 15,000 ఒకేసారి మొదటి నెలలో పెట్టి ఉంటే 300 యూనిట్లే వచ్చేవి. సిప్ గెలిచింది. ఇప్పుడు ఇవే మూడు ఎన్‌ఏవీలని 40, 50, 62.50 వరుసలో పెట్టండి. సిప్ కట్టినవాళ్లకి ఇప్పుడూ 305 యూనిట్లే. మొదట్లోనే మొత్తం పెట్టినవాళ్లకి 375. అంటే పడి లేచే మార్కెట్‌లో సిప్ బాగుంటుంది, తిన్నగా పెరిగే మార్కెట్‌లో వెనకబడుతుంది. పడి లేవకుండా ఉండిపోతే సిప్‌లోనూ నష్టమే.

మరి మంచి అభిప్రాయం ఎందుకంటే, జీతం వచ్చేది నెలనెలా. ఒకేసారి పెట్టడానికి 15,000 చేతిలో లేనివాళ్లకి ఆ పోలికే అక్కర్లేదు. పైగా మార్కెట్ ఘోరంగా పడిన నెలలో మన చేత్తో మనం డబ్బు పెట్టం, చేయి రాదు. సిప్ మాత్రం ఆ నెలా తన పని తాను చేసుకుపోతుంది. ఇన్నేళ్లలో నాకు బాగా కలిసొచ్చిన విడతలు టీవీ చూడాలంటేనే టెన్షన్‌గా ఉన్న రోజుల్లో పడ్డవే.

వాడేటప్పుడు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఖాతాలోంచి డబ్బు కట్ అయిన రోజు ఎన్‌ఏవీయే మీకు వర్తిస్తుందని లేదు. 2021 ఫిబ్రవరి నుంచి, డబ్బు ఫండ్‌కి చేరిన రోజు ఎన్‌ఏవీయే లెక్క. ఈక్విటీ ఫండ్‌లో మధ్యాహ్నం 3 గంటలలోపు చేరితే ఆ రోజుది, దాటితే తర్వాతి పనిదినానిది. స్టేట్‌మెంట్‌లో తేదీ ఒకట్రెండు రోజులు అటూ ఇటూ కనిపించడానికి కారణం ఇదే. అలాగే 5,000 కడితే 4,999 రూపాయల 75 పైసలకే యూనిట్లు కనిపిస్తాయి. ఆ పావలా స్టాంప్ డ్యూటీ, 0.005 శాతం. ఖాతాలో డబ్బు లేక విడత తప్పితే ఫండ్ సాధారణంగా ఏమీ అనదు, బ్యాంకు మాత్రం రిటర్న్ చార్జీ వేయొచ్చు. వరుసగా తప్పుతూ పోతే సిప్ రద్దవుతుంది.

ఐపీఓ దగ్గరికి వస్తే వ్యవహారం పూర్తిగా వేరు. ఇక్కడ ధర లెక్క కట్టి వచ్చేది కాదు. కంపెనీ, దాని ఇష్యూ నడిపించే మర్చంట్ బ్యాంకర్లు కలిసి ఒక ప్రైస్ బ్యాండ్ పెడతారు. షేర్లు విడిగా కాకుండా లాట్ అనే కట్టగా అడగాలి. బ్యాండ్ 285 నుంచి 300, లాట్ 50 షేర్లు అయితే పై ధర దగ్గర ఒక లాట్‌కి 15,000 కావాలి. చిన్న మదుపరులు ధర దగ్గర కటాఫ్ అని టిక్ పెట్టడమే మేలు, ఎంత ఖరారైతే అంతకి ఒప్పుకున్నట్టు. యూపీఐలో డబ్బు ఆపి ఉంచడానికి అనుమతి అడుగుతూ మాండేట్ వస్తుంది, దాన్ని గడువులోపు ఆమోదించకపోతే అప్లికేషన్ చెల్లదు. డబ్బు ఖాతాలోంచి పోదు, బ్లాక్ అవుతుంది. సేవింగ్స్ ఖాతా అయితే వడ్డీ కూడా వస్తూనే ఉంటుంది. ఈ పద్ధతి నాకు నిజంగా నచ్చింది.

నచ్చనిది, షేర్లు దొరకడం మన చేతిలో లేకపోవడం. చిన్న మదుపరులకి కేటాయించిన రిటైల్ కోటాకి అప్లికేషన్లు బాగా ఎక్కువగా వస్తే లాటరీ తీసి ఒక్కొక్కరికి ఒక్క లాటే ఇస్తారు. అలాంటప్పుడు పది లాట్లకి అప్లై చేసినా అవకాశం పెరగదు. జోరుగా ఉన్న ఇష్యూకి ఒక లాట్ చాలు.

ప్రాస్పెక్టస్‌లో నేను మొట్టమొదట చూసేది డబ్బు ఎవరికి వెళ్తుందన్నది. ఫ్రెష్ ఇష్యూ అయితే కంపెనీకి, ఆఫర్ ఫర్ సేల్ అయితే పాత వాటాదారుల జేబుకి. 2022 మేలో వచ్చిన ఎల్‌ఐసీ ఐపీఓ మొత్తం ఆఫర్ ఫర్ సేలే. ప్రభుత్వం తన వాటాలో 3.5 శాతం అమ్ముకుంది, ఆ డబ్బు ఎల్‌ఐసీకి రాలేదు. ఇష్యూ ధర 949 రూపాయలు. మే 17న లిస్ట్ అయినప్పుడు మొదటి ధరే దానికి కింద ఉంది. అంత పేరున్న సంస్థకే అలా జరిగింది. ఇష్యూ ధర అమ్మేవాళ్లు అడిగిన ధర మాత్రమే. లిస్టింగ్ రోజు నుంచి మార్కెట్ చెప్పేదే ధర.

చివరగా సిప్‌లో డబ్బు తీసుకునేటప్పటి సంగతి ఒకటి, దీన్ని చాలామంది దాటేస్తారు. "సిప్ మొదలుపెట్టి ఏడాది దాటింది కదా, ఇక ఎగ్జిట్ లోడ్ ఉండదు" అనుకుంటారు. త్వరగా డబ్బు తీసేసుకుంటే ఫండ్ కోసుకునే చార్జీ అది. ప్రతి విడతా విడిగా ఒక పెట్టుబడి. జనవరిలో మొదలుపెట్టి మరుసటి ఫిబ్రవరి నెలాఖరుకి అంతా తీసేస్తే, ఏడాది నిండినవి మొదటి రెండు విడతలే. మిగతావాటికి ఏడాదిలోపు లోడ్ ఉన్న ఫండ్ అయితే అది పడుతుంది, ఈక్విటీ ఫండ్ లాభం మీద పన్ను కూడా స్వల్పకాలపు రేటులోనే లెక్కకడతారు. పన్ను ఆదా చేసే ఈఎల్‌ఎస్‌ఎస్‌లోనూ అంతే, మూడేళ్ల లాక్ ఒక్కో విడతకి ఆ విడత తేదీ నుంచే మొదలవుతుంది. ఫండ్ ముందుగా కొన్న యూనిట్లనే ముందుగా అమ్ముతుంది కాబట్టి, కొంత డబ్బే కావాలంటే ఏడాది నిండిన విడతల యూనిట్లు ఎన్నో స్టేట్‌మెంట్‌లో కూడుకుని, అన్నిటికే రిడెంప్షన్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మనే రిక్వెస్ట్, పెట్టండి.